ఉక్కపోత నుంచి పిడుగు దాకా

మే నెల రెండో వారంలో కోనసీమలో వరసగా రెండు రోజులు తీసుకుందాం. రెండు రోజులూ మధ్యాహ్నం 37 డిగ్రీలే. రెండు రోజులూ ఒకటే ఉక్కపోత, ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా తడిసిపోతుంది. మొదటి రోజు చిన్నచిన్న తెల్ల మబ్బులు నాలుగు కనిపించి, సాయంత్రానికి కరిగిపోయాయి. రెండో రోజు నాలుగింటికి రావులపాలెం వైపు ఒక మబ్బు లేచింది. గంట తిరక్కుండా సగం ఆకాశాన్ని కప్పేసింది. కల్లంలో దాళ్వా ధాన్యం మీద బరకాలు లాగేలోపే ఈదురుగాలి, ఆ వెంటనే పెళపెళా పిడుగులు.

"ఎండ బాగా కాసింది, అందుకే ఇలా పట్టింది" అనేస్తాం. కానీ ఎండ రెండు రోజులూ ఒకటే కదా! తేడా నేల మీద లేదు, ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున ఉంది. ఆ మెరుపులకు కావలసిన సరుకైతే ఇంకా పైన, గడ్డకట్టే చలిలో తయారైంది. ఈ రెండు రోజులూ వివరించడానికి నేను కల్పించుకున్నవే గానీ, వాడుతున్న అంకెలు మాత్రం డెల్టాలో మే నెలకు మామూలువే.

ముందు ఉక్కపోత సంగతి. మేలో బంగాళాఖాతం పైనీరు 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాని మీదుగా వచ్చే గాలి ఆవిరిని నింపుకుని అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి లోపలికి వస్తుంది. గాలిలో తేమ ఎంతో చెప్పడానికి వాతావరణ శాఖ వాళ్లు డ్యూ పాయింట్ చూస్తారు. గాలిని ఏ ఉష్ణోగ్రతకు చల్లారిస్తే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుందో అదే డ్యూ పాయింట్. మన రెండు రోజుల్లోనూ అది 25 డిగ్రీలు అనుకుందాం. అంటే ఒక కిలో గాలిలో దాదాపు 20 గ్రాముల ఆవిరి ఉన్నట్టు.

20 గ్రాములంటే నాలుగు చిన్న చెంచాల నీళ్లు, అంతే. కానీ ఆ నీటిని సముద్రం నుంచి ఆవిరిగా లేపడానికి ఎండ ఖర్చుపెట్టిన వేడి ఎక్కడికీ పోలేదు, గుప్తోష్ణంగా ఆవిరిలోనే దాగి ఉంది. ఆవిరి మళ్లీ నీరైనప్పుడు అదంతా బయటికొస్తుంది. లెక్క కడితే, ఆ 20 గ్రాములూ నీరైతే వచ్చే వేడి ఒక కిలో గాలిని 50 డిగ్రీలు వేడెక్కించడానికి సరిపోతుంది. వడగాలి రోజుతో పోల్చి చూస్తే దీని విలువ తెలుస్తుంది. పడమటి గాలి వీచి 44 డిగ్రీలు కాసిన రోజున డ్యూ పాయింట్ 15 దగ్గరే ఉండొచ్చు. అప్పుడు కిలో గాలిలో ఉండే ఆవిరి ఇందులో సుమారు సగం. ఒళ్లు మండిపోతుంది గానీ మబ్బుకు మేత తక్కువ. జిగటగా ఉన్న 37 డిగ్రీల గాలే అసలైన ఇంధనం.

ఇంధనం ఉంటే చాలదు, దాన్ని పైకి తీసుకెళ్లాలి. నేల దగ్గర వేడెక్కిన గాలి తేలికై లేస్తుంది. పైకి పోయేకొద్దీ చుట్టూ పీడనం తగ్గుతుంది కాబట్టి అది వ్యాకోచిస్తుంది, వ్యాకోచించడానికి తన వేడినే ఖర్చుపెడుతుంది. అందువల్ల కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున చల్లారుతుంది. గాలి ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ ఉన్న తేడాను 125తో హెచ్చిస్తే మబ్బు అడుగు ఎన్ని మీటర్ల ఎత్తున ఏర్పడుతుందో దాదాపుగా తెలిసిపోతుంది. మన తేడా 12 డిగ్రీలు, కాబట్టి ఎత్తు 1500 మీటర్లు. అక్కడికి చేరేసరికి గాలి 22 డిగ్రీలకు చల్లారి ఉంటుంది, పీడనం తగ్గడంతో డ్యూ పాయింట్ కూడా 25 నుంచి అక్కడికే దిగి ఉంటుంది, కాబట్టి ఆవిరి నీటి తుంపరగా మారడం మొదలవుతుంది. ఆ ప్రాంతంలో లేచే గాలంతా ఇంచుమించు ఒకే తేమతో ఉంటుంది కాబట్టి అదంతా ఒకే ఎత్తున మబ్బుగా మారుతుంది. మబ్బుల అడుగుభాగాలు గీత గీసినట్టు సమంగా ఉండేది అందుకే.

రెండు రోజులకూ తేడా వచ్చేది ఇక్కడే. పైకి లేచిన గాలి తన చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగా ఉంటేనే ఇంకా పైకి పోతుంది, చల్లగా ఉంటే దిగిపోతుంది. వేసవిలో తెలంగాణ, దక్కన్ పీఠభూమి మీద కాగిన పొడిగాలి పడమటి నుంచి వచ్చి డెల్టా మీద, మన తేమగాలికి పైన, ఒక పొరలా పరుచుకుంటుంది. మొదటి రోజున 1500 మీటర్ల ఎత్తున ఆ పొర 26 డిగ్రీలు ఉంది. కింద నుంచి వెళ్లిన గాలి 22. నాలుగు డిగ్రీలు చల్లగా, బరువుగా ఉన్న గాలి ఆ పొరను చీల్చుకుని పోలేదు. కాస్త ఊపు మీద పైకి దూకి, చిన్న మబ్బుగా కనిపించి, వెనక్కి వచ్చేస్తుంది. తేమంతా కింద చిక్కుకుపోతుంది. ఉక్కపోత అంత భరించరానిదిగా ఉండటానికి అదీ ఒక కారణమే.

రెండో రోజున పైన ఒక ద్రోణి కదలి ఆ పొర 23, 24 డిగ్రీలకు చల్లబడింది. ఇప్పుడు అడ్డు ఒకటి రెండు డిగ్రీలే, కానీ అడ్డు అడ్డే. దాన్ని దాటించడానికి ఎవరో ఒకరు కింద నుంచి నెట్టాలి. ఆ పని సముద్రపు గాలి చేస్తుంది. పొద్దున పది పదకొండు గంటలకు తీరాన్ని దాటిన ఆ గాలి ముందంచు మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకు రావులపాలెం ప్రాంతానికి చేరుతుంది. ఎదురుగా పడమటి గాలి ఉంటుంది. రెండూ ఢీకొన్న చోట గాలికి పైకి తప్ప దారి ఉండదు. సెకనుకు ఒకటి రెండు మీటర్ల ఆ చిన్న నెట్టుడు చాలు, 22 డిగ్రీల గాలి మరో అర కిలోమీటరు పైకి పోతుంది.

ఆ అర కిలోమీటరుతో ఆట మారిపోతుంది. తుంపర ఏర్పడుతున్నప్పుడు గుప్తోష్ణం విడుదలవుతుంది కాబట్టి మబ్బులోని గాలి ఇక కిలోమీటరుకు 10 డిగ్రీలు చల్లారదు, 4 నుంచి 5 డిగ్రీలే చల్లారుతుంది. చుట్టూ ఉన్న గాలి మాత్రం ఎత్తుతో పాటు కిలోమీటరుకు 7 డిగ్రీల చొప్పున తగ్గుతూ పోతుంది. 2 కిలోమీటర్ల దగ్గర మబ్బులోని గాలి ఇంచుమించు పరిసరాలతో సమానమై, ఆపైన వాటి కంటే వెచ్చబడుతూ పోతుంది. 5.8 కిలోమీటర్ల దగ్గర చుట్టుపక్కల మైనస్ 6 ఉంటే, లోపల సున్నాకు అటూ ఇటూ ఉంటుంది. నేల మీద 6 డిగ్రీల తేడాని మనం పెద్దగా పట్టించుకోం. అక్కడ మాత్రం లేచే గాలి వేగాన్ని అది సెకనుకు 15, 20 మీటర్లకు తీసుకెళుతుంది. 20 మీటర్లంటే నిమిషం లోపే ఒక కిలోమీటరు ఎక్కడం. కళ్ల ముందే మబ్బు పొంగుతున్నట్టు కనిపించడం భ్రమ కాదు, నిజంగానే ఆ వేగంతో పెరుగుతుంది. అయితే లెక్క చెప్పినంత వేగం ఎప్పుడూ రాదు. పక్కల నుంచి పొడిగాలి మబ్బులోకి చొరబడి కొంత తుంపరను ఆవిరి చేసి చల్లారుస్తుంది, వాన బరువు కూడా వెనక్కి లాగుతుంది. సన్నటి మబ్బులు త్వరగా చచ్చిపోయి, లావుపాటివి నిలబడేది అందువల్లే.

మన అక్షాంశాల్లో ఈ ఎక్కుడు 15, 16 కిలోమీటర్ల దాకా సాగగలదు. అక్కడ పైన స్ట్రాటోస్ఫియర్ మొదలవుతుంది, ఎత్తుకు పోయేకొద్దీ గాలి చల్లబడటం ఆగిపోతుంది. వెచ్చదనం అనే ఆధిక్యం పోయిన గాలి ఇక పక్కలకు పరుచుకుంటుంది. మబ్బు తల కమ్మరి దాగలిలా చదునుగా సాగుతుంది. వార్తల్లో రోజూ వినే క్యుములోనింబస్ మేఘం ఇదే.

ఇంతవరకు వచ్చినా మెరుపు ఎందుకు రావాలో ఇంకా చెప్పలేదు. మబ్బులు ఒకదానికొకటి గుద్దుకుంటే ఉరుములు వస్తాయని చిన్నప్పుడు చెప్పిన మాట చాలామంది మనసులో అలాగే ఉండిపోయింది. గుద్దుకోవడం నిజమే. కానీ గుద్దుకునేవి మబ్బులు కావు, మబ్బు లోపలి మంచు ముక్కలు.

డెల్టా మీద మేలో గాలి సున్నా డిగ్రీలకు చేరేది దాదాపు 5 కిలోమీటర్ల ఎత్తున. నీరు సున్నా దగ్గర గడ్డకట్టి తీరాలని మనం అనుకుంటాం గానీ, మబ్బులోని సూక్ష్మ బిందువులకు ఆ తొందర లేదు. గడ్డకట్టడం మొదలుపెట్టడానికి వాటికి తగిన ధూళి కణం లాంటి ఆధారం కావాలి. అది దొరక్కపోతే మైనస్ 10, మైనస్ 20 దగ్గర కూడా నీరుగానే ఉంటాయి. మైనస్ 38 ప్రాంతం దాటితే మాత్రం ఏ ఆధారమూ లేకుండానే గడ్డకడతాయి. కాబట్టి 6.5 నుంచి 9 కిలోమీటర్ల మధ్య, అంటే సుమారు మైనస్ 10 నుంచి మైనస్ 25 డిగ్రీల మధ్య, మబ్బులో మూడు రకాల సరుకు కలిసి ఉంటుంది. ఒకటి, గడ్డకట్టకుండా మిగిలిన చల్లటి నీటి బిందువులు. రెండు, కంటికి ఆనని చిన్న మంచు స్ఫటికాలు. మూడు, గ్రాపెల్. గ్రాపెల్ అంటే మెత్తటి తెల్ల మంచు గుళిక. ఒక మంచు కణానికి ఆ చల్లటి బిందువులు తగిలినప్పుడల్లా అక్కడికక్కడే గడ్డకట్టి అతుక్కుంటూ పోతే, కొన్ని మిల్లీమీటర్ల గుళిక తయారవుతుంది.

గుళిక బరువైనది, కాబట్టి పడిపోవాలని చూస్తుంది లేదా పైకి లేచే గాలిలో దాదాపు ఒకేచోట తేలుతుంది. స్ఫటికం తేలికైనది, గాలితో పాటు పైకి పోతుంది. పోతూ పోతూ గుళికను తగిలి ఎగిరిపోతుంది. ఆ ఒక్క తాకిడిలో రెండింటి మధ్య కొంచెం విద్యుదావేశం చేతులు మారుతుంది. పరిసరం మైనస్ 10, 15 కంటే చల్లగా ఉంటే గుళికకు ఋణావేశం, స్ఫటికానికి ధనావేశం దక్కుతాయి. అంతకంటే వెచ్చగా ఉంటే వరస తిరగబడుతుంది. జపాన్ శాస్త్రవేత్త త్సుతోము తకహాషి ఈ తిరగబాటును ప్రయోగశాలలో కొలిచి 1978లో ప్రచురించారు. పక్కన చల్లటి నీటి బిందువులు లేకపోతే ఈ మార్పిడి చాలా బలహీనపడిపోతుందని కూడా ప్రయోగాలు చూపించాయి. అంటే మూడు సరుకులూ కలిసి ఉండాల్సిందే. మంచు ఉపరితలం మీద అణువుల స్థాయిలో ఇలా ఎందుకు జరుగుతుందన్న దాని మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి.

ఒక్కో తాకిడిలో మారేది లెక్కలోకి రానంత ఆవేశం. కానీ తాకిళ్లు కోటానుకోట్లు. తర్వాతి పని బరువుదీ గాలిదీ. ధనావేశం ఉన్న స్ఫటికాలు 10, 12 కిలోమీటర్లకు ఎగిరిపోతాయి. ఋణావేశం ఉన్న గుళికలు 7 కిలోమీటర్ల చుట్టుపక్కల పోగుపడతాయి. వాటి అడుగున, వెచ్చటి భాగంలో, చిన్న ధనావేశపు ముద్ద ఒకటి మిగులుతుంది. పైకి లేచే గాలి సెకనుకు ఆరేడు మీటర్లకు మించకపోతే ఈ వేర్పాటు సరిగ్గా జరగదు, మెరుపులూ అరుదే.

నేల మీద నిలబడ్డ మనిషి ఈ దశను కనిపెట్టడానికి ఒక గుర్తుంది. మబ్బు తల మొదట కాలీఫ్లవర్ పువ్వు అంచుల్లా గట్టిగా, స్పష్టంగా ఉంటుంది. అది నీటి బిందువుల రూపు. ఆ అంచులు చెదిరి, పీచులా మసకబారడం మొదలైతే పైభాగం మంచుగా మారుతోందని అర్థం. తొలి మెరుపు ఇంచుమించు ఆ సమయానికే వస్తుంది. వాన మొదలైతే గానీ పిడుగు రాదని పొలంలోనే ఉండిపోయేవాళ్లు చూడాల్సింది చినుకు కోసం కాదు, మబ్బు తలను.

మెరుపు ఎలా పడుతుందో కొంచెం త్వరగా చెప్పుకుందాం. చాలా మెరుపులు అసలు నేలకు రావు, మబ్బులోనే పైనున్న ధనావేశానికీ మధ్యలోని ఋణావేశానికీ మధ్య ముగుస్తాయి. నేలకు వచ్చేది సాధారణంగా ఋణావేశపు ముద్ద నుంచి బయల్దేరి, 50 మీటర్ల చొప్పున అంగలు వేస్తూ, కొమ్మలుగా చీలుతూ కిందికి దిగుతుంది. ఇది పెద్దగా కనిపించదు. నేలకు దగ్గరయ్యేసరికి కింద ఉన్న పొడవాటి వస్తువుల కొసల నుంచి, కొబ్బరి మొవ్వు నుంచి, సెల్ టవర్ నుంచి, చదును చేలో నిలబడ్డ మనిషి తల నుంచి కూడా, ఎదురుగా చిన్న పోగులు లేస్తాయి. ఏ పోగు ముందు అందుకుంటే దారి అటు పూర్తవుతుంది. అప్పుడు 30 వేల ఆంపియర్ల ప్రాంతంలో కరెంటు ఒక్కసారిగా పారి దారంతా వెలిగిపోతుంది. ఒకే దారిలో ఇలా మూడు నాలుగు సార్లు పారుతుంది కాబట్టే మెరుపు రెపరెపలాడినట్టు కనిపిస్తుంది.

ఆ సన్నటి దారిలో గాలి క్షణంలో 30 వేల డిగ్రీలకు, సూర్యుడి ఉపరితలానికి ఐదు రెట్ల వేడికి చేరుతుంది. అంత వేగంగా వేడెక్కిన గాలి పేలినట్టు విస్తరిస్తుంది, అదే ఉరుము. దగ్గరైతే ఒక్క పెళ్లున వినిపిస్తుంది. దూరమైతే కిలోమీటర్ల పొడవున్న దారిలో ఒక్కో భాగం నుంచి శబ్దం ఒక్కో సమయానికి చేరుతుంది కాబట్టి గుడగుడమని సాగుతుంది. మెరుపు కనిపించాక ఉరుముకు పట్టిన సెకన్లను మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్లకు విన్నామంటే 10 కిలోమీటర్లు. వినడానికి దూరమే గానీ, మబ్బు దాగలి అంచు నుంచి వాన పడని చోట్లకు కూడా పిడుగులు దూకుతాయి కాబట్టి అది నిశ్చింతగా ఉండే దూరం కాదు.

ఇంత హడావిడి చేసే పిడుగులో ఉన్న శక్తి ఎంత? సుమారుగా 300 యూనిట్లు, అంటే ఒక మధ్యతరగతి ఇంటి నెల రెండు నెలల కరెంటు బిల్లు. అదే మబ్బు 50 చదరపు కిలోమీటర్ల మీద 3 సెంటీమీటర్ల వాన కురిపించిందనుకుంటే, ఆ నీరు ఆవిరి నుంచి మారేటప్పుడు విడుదలైన వేడి 100 కోట్ల యూనిట్లు దాటుతుంది. పిడుగుల నుంచి కరెంటు పట్టుకుందామనే ఆలోచన ఎందుకు నిలబడదో ఈ రెండు అంకెలే చెబుతాయి. మబ్బు బలమంతా ఆవిరిలో ఉంది, పిడుగు అందులో రాలిన పొట్టు.

ఇక ఈదురుగాలి. గుళికలు పెద్దవై పడటం మొదలుపెడతాయి. డెల్టాలో సున్నా డిగ్రీల ఎత్తు 5 కిలోమీటర్లు ఉండటంతో అవి చాలావరకు దారిలోనే కరిగిపోతాయి. వాన మొదట్లో దూరదూరంగా టపటపా పడే లావు చినుకుల్లో చాలా భాగం కరిగిన మంచు గుళికలే. వడగండ్లు ఇక్కడ అరుదు కావడానికీ అదే కారణం. కరగడానికీ, కింద పొడిగాలిలో కొంత ఆవిరైపోవడానికీ వేడి కావాలి, దాన్ని చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటాయి. అలా చల్లబడి బరువెక్కిన గాలి వానతో పాటు కిందికి జారి, నేలను తాకి నలువైపులా చిమ్ముతుంది. 37 డిగ్రీలు పది నిమిషాల్లో 25కు పడిపోయేది అప్పుడే. మామిడికాయలు రాలేదీ, అరటి తోటలు పడిపోయేదీ ఈ గాలికే.

ఆ చల్లగాలి మబ్బుకు చావు కూడా. అది కింద పరుచుకుని, మబ్బు అడుగున ఉన్న వెచ్చటి తేమగాలి సరఫరాను తెంచేస్తుంది. ఒక్క మబ్బు ఆయుష్షు ముప్పావు గంట, గంట అయ్యేది అందుకే. కానీ ముందుకు దూసుకుపోయిన ఆ గాలి అంచు, లోపలికి వస్తున్న సముద్రపు గాలిని ఇంకో చోట ఢీకొంటే అక్కడ కొత్త మబ్బు లేస్తుంది. రావులపాలెం దగ్గర మొదలైనది కొత్తపేట మీద సద్దుమణిగి, అంబాజీపేట మీద మళ్లీ పుట్టొచ్చు. నేల మీద గాలి తూర్పు నుంచి వీస్తుంటే మబ్బు మాత్రం పడమటి నుంచి ఎదురు రావడం చూసి జనం ఆశ్చర్యపోతారు. మబ్బును నడిపేది మన మొహానికి తగిలే గాలి కాదు, పైన నాలుగైదు కిలోమీటర్లలో వీచే పడమటి గాలి.

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదైనట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ అధికారులు చెప్పారు. అంత కచ్చితమైన అంకె ఎలా వచ్చిందంటే, ప్రతి మెరుపూ రేడియో తరంగాలను వెదజల్లుతుంది. పాత రేడియోలో గరగరమని వినిపించేవి అవే. దూరదూరంగా పెట్టిన సెన్సర్లు వాటిని పట్టుకుని, ఒక్కోదానికి చేరిన సమయంలోని తేడాను బట్టి చోటు లెక్కకడతాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం నడిపే ఇలాంటి సెన్సర్ల వ్యవస్థ మీదే పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఆధారపడుతుంది. పిడుగు ఇంకా పడకముందే కనిపెట్టాలంటే మచిలీపట్నం, విశాఖపట్నం డాప్లర్ రాడార్లు చూడాలి. 7 కిలోమీటర్ల ఎత్తున బలమైన ప్రతిధ్వని కనిపించిందంటే అక్కడ గుళికలు చేరినట్టే, పది ఇరవై నిమిషాల్లో మెరుపు రావొచ్చు. ఫోనుకు వచ్చే హెచ్చరికలకు ఇంతకంటే పెద్ద వ్యవధి దొరకడం కష్టం. పొద్దున బెలూన్ కొలతలు చూసి ఈ రోజు పైపొర బలహీనంగా ఉందని చెప్పొచ్చు గానీ, సాయంత్రం ఏ మండలంలో చీలుతుందో పేరు పెట్టి చెప్పలేరు.

జులై వచ్చాక ఇదే డెల్టాలో రెండు రోజులు ముసురు పట్టి కాలువలు పొంగినా ఉరుము పెద్దగా వినపడదు. అప్పటికి నేల చల్లబడి ఉంటుంది. వాతావరణంలో పైదాకా తేమే కాబట్టి అడ్డుపొర ఉండదు, తేమ పోగుపడి ఒక్కసారిగా లేచే అవకాశమూ ఉండదు. గాలి నెమ్మదిగా లేస్తుంది. బిందువులు 5 కిలోమీటర్ల లోపే ఒకదానితో ఒకటి కలిసి చినుకులై పడిపోతాయి. పైన గుళికలు కట్టడానికి సరిపడా నీరు చేరదు. నైరుతి వెనక్కి తగ్గే సెప్టెంబరు, అక్టోబరుల్లో వానలకు మధ్య నాలుగు రోజులు ఎండ కాస్తే నేల మళ్లీ వేడెక్కుతుంది. తేమ ఎలాగూ ఉంటుంది. దాంతో సాయంత్రాలు మళ్లీ ఉరుములు మొదలవుతాయి.